పాలిటీ క్లాసు వేగం, నా పెన్ను వేగం: ఐదు వారాల నోట్సు డైరీ

1వ రోజు, సోమవారం

ఈ రోజు నుంచి ఇది రాసుకుంటున్నా. గ్రూప్-2 కోసం హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను, మిగతా సబ్జెక్టులు ఏదోలా నడుస్తున్నాయి గానీ పాలిటీ క్లాసులో సారు చెప్పేదానికీ నా పెన్నుకీ పొంతన కుదరడం లేదు. సారు చాలా బాగా చెప్తారు. అందుకే బాధగా ఉంది, క్లాసులో కూర్చున్నంతసేపూ అన్నీ అర్థమవుతాయి, రాత్రి నోట్సు తెరిస్తే సగం లైన్లు నేనే రాశానా అన్నట్టు ఉంటాయి. మధ్యాహ్నం ఎమర్జెన్సీ మొదలుపెట్టారు, 352 ఆర్టికల్. రెండున్నర గంటల క్లాసుకి పదకొండు పేజీలు రాశాను. ఆ పదకొండు పేజీల్లోంచి ఒక్క ప్రశ్నకి కూడా నమ్మకంగా జవాబు చెప్పలేకపోయాను.

రూమ్మేట్ అక్కకి చూపించాను. అక్క ఒకసారి గ్రూప్-2 రాసింది, మళ్ళీ రాస్తోంది. పేజీ తిప్పి "ఏందే ఇది, మొత్తం రాద్దామనుకున్నవా?" అంది. అవునన్నాను. "అట్ల కాదు. ముందు ఎంత రాయగలవో లెక్క చూస్కో" అంది.

లెక్క చూశాను. క్లాసులో రికార్డింగ్ చేయనివ్వరు కాబట్టి ఫోన్లో ఇదే వేగంతో చెప్పే ఇంకో పాలిటీ క్లాసు పెట్టుకుని, సరిగ్గా ఒక నిమిషం విని, ఆపి ఆపి మొత్తం కాగితం మీద దించి మాటలు లెక్కపెట్టాను. 126 వచ్చాయి. తర్వాత పుస్తకం చూస్తూ నేను వేగంగా, రేపు చదవగలిగేలా ఒక నిమిషం రాస్తే 21. అంటే ఆరు మాటల్లో ఐదు వదిలేయక తప్పదు. ఇప్పటిదాకా కూడా వదిలేస్తూనే ఉన్నాను, ఏవి వదలాలో నేను తేల్చుకోలేదు, చెయ్యి ఎక్కడ వెనకబడితే అక్కడివి పోయాయి.

తెలుగు షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటే ఎలా ఉంటుందని కూడా కాసేపు ఆలోచించాను, నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఉన్నాయి, దానికి పరీక్షలూ ఉన్నాయి. కానీ అది చేతికి రావడానికి నెలలు పడుతుంది, పైగా అన్ని మాటలూ దించుకున్నాక మళ్ళీ కూర్చుని మామూలు తెలుగులోకి రాసుకోవాలి. నాకు అంత టైమ్ లేదు. నాకు కావాల్సింది ఆరో వంతు మాటలే, అవి సరైనవి అయ్యుండాలి.

4వ రోజు, గురువారం

ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల సంగతి ఈ రోజు చెప్పారు. 358, 359. ఏమీ మార్చకుండా పాత పద్ధతిలోనే రాశాను, శనివారం టెస్టు ఉంది కదా, అందులో ఎలా వస్తుందో చూద్దామని.

6వ రోజు, శనివారం

టెస్టులో ఒక తప్పు చేశాను, దాని గురించి వివరంగా రాసుకోవాలి. జాతీయ ఎమర్జెన్సీలో కూడా ఏ హక్కుల అమలును సస్పెండ్ చేయడానికి వీల్లేదు అనే ప్రశ్న. నా నోట్సులో ఉన్నది ఇదీ:

359 – 20, 21 – సస్పెండ్

అది చూసుకుని చదివాను కాబట్టి 20, 21 సస్పెండ్ అవుతాయనే బుర్రలో ఉంది. అసలు సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. 20 అంటే నేరానికి శిక్ష వేసే విషయంలో ఉన్న రక్షణ, 21 అంటే ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకీ ఉన్న హక్కు, 1978లో 44వ సవరణ వచ్చాక ఎమర్జెన్సీలో కూడా ఈ రెండింటి జోలికి వెళ్ళడానికి లేదు. సారు ఇది చెప్పారని నాకు ఖాయంగా తెలుసు, పక్క బెంచీ అమ్మాయి నోట్సులో సరిగ్గానే ఉంది. ఆమె నోట్సు చూశాక సారు అన్న వాక్యం గుర్తొచ్చింది: "359 కింద 20, 21 తప్ప మిగతా హక్కుల అమలు కోసం కోర్టుకి వెళ్ళే హక్కుని రాష్ట్రపతి సస్పెండ్ చేయవచ్చు."

సారు "20, 21" అనగానే నేను అంకెలు రాసేసుకున్నాను. "తప్ప" అనేసరికి నా చెయ్యి ఇంకా 21 దగ్గరే ఉంది. చెవి దాన్ని విన్నది, చెయ్యి దాటేసింది, రెండు రోజుల తర్వాత కాగితం మీద ఉన్నదే నిజమైపోయింది.

ఇంత చిన్న మాట మొత్తం అర్థాన్ని తిప్పేయడం చూశాక పాత నోట్సు పేజీలన్నీ తీసి పుస్తకం పక్కన పెట్టి ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో వెతికాను. ఏడు దొరికాయి. ఏడింటిలో ఆరు ఒకే రకం. తప్పిపోయిన మాట ప్రతిసారీ అసలు విషయం తర్వాత వచ్చింది: తప్ప, మాత్రమే, లోగా, అక్కర్లేదు, అంతకుముందు ఉండేది, అని కాదు.

8వ రోజు, సోమవారం

నిన్నంతా చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని ఇదే ఆలోచించాను. నోట్సు ఎలా రాయాలో చెప్పే సలహాలు చాలా చోట్ల "ఫస్ట్, హవెవర్, దేర్‌ఫోర్" లాంటి మాటల కోసం వినమంటాయి. ఇంగ్లీషు క్లాసులో అవి వాక్యం ముందు వస్తాయి, వినగానే సిద్ధం కావచ్చు. మన సారు చెప్పేది తెలుగులో. తెలుగులో దారి చూపించే మాటలు రెండు చోట్ల ఉంటాయి, ఆ రెండింటికీ పెన్ను వేర్వేరుగా పనిచేయాలి.

కొన్ని ముందే వస్తాయి. "ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే", "దీనికి మూడు షరతులున్నాయి", "దీనికీ దానికీ తేడా ఏంటంటే", "ఎందుకంటే". ఇవి వినపడగానే ఇంకా ఏం చెప్తారో తెలియకపోయినా కాగితాన్ని సిద్ధం చేసుకోవచ్చు. మూడు షరతులు అన్నారంటే వెంటనే కిందికి 1, 2, 3 వేసేసి ఖాళీ ఉంచాలి. తేడా అన్నారంటే నిలువుగా ఒక గీత గీసి రెండు భాగాలు చేయాలి. ఈ పని ఒక్క సెకను కూడా పట్టదు.

మిగతావి వాక్యం చివర వస్తాయి. "కాబట్టి" అని వినపడే సమయానికి కారణం మొత్తం చెప్పేసి ఉంటారు, అది కారణమని మనకి అప్పుడే తెలుస్తుంది. "తప్ప" కూడా అంతే. చేయవచ్చా, చేయకూడదా, చేయాల్సిందేనా అన్నది క్రియలో ఉంటుంది, క్రియ అన్నిటికంటే చివర. కాబట్టి వీటికి పెన్ను తొందరపడకూడదు, వాక్యం ఎటు తిరుగుతుందో తేలేదాకా ఒక నాలుగు మాటల వెనక నడవాలి. ఈ రోజు క్లాసులో అదే ప్రయత్నించాను. చాలా కష్టంగా ఉంది, అంకె వినగానే చెయ్యి దానంతటదే కదిలిపోతోంది. అందుకే అంకె మటుకు రాసుకోనిచ్చి, దాని ముందూ వెనకా ఒక వేలు పట్టేంత ఖాళీ ఉంచడం మొదలుపెట్టాను, "తప్ప" అని వినపడితే ఆ అంకె మీద ఇంటూ పడుతుంది, "మాత్రమే" అని వినపడితే దాని చుట్టూ గట్టి బ్రాకెట్ పడుతుంది.

10వ రోజు, బుధవారం

"అయితే" గురించి. సారు ప్రతి రెండో వాక్యంలో అయితే అంటారు, ప్రతిదానికీ మలుపు గుర్తు పెట్టుకుంటూ పోతే పేజీ నిండా గుర్తులే. ఈ రోజు ఒక గంటసేపు పేజీ మూలన గీతలు పెట్టి లెక్కపెట్టాను, 41 సార్లు. నిజంగా మాట మలుపు తిరిగింది 9 సార్లే. మిగతావి ఊపిరి తీసుకోవడానికి అనేవో, "మనీ బిల్లు అయితే" అన్నట్టు ముందు మాటకి అతుక్కుని షరతుగా వచ్చేవో.

తేడా వినడం వల్ల తెలిసింది. నిజమైన మలుపుకి ముందు సారు చిన్నగా ఆగుతారు, దాని వెంటనే "ఇక్కడ" గానీ "మాత్రం" గానీ వస్తుంది. "అయితే ఇక్కడ", "అయితే రద్దుకి మాత్రం". ఇలా జంటగా వస్తేనే వంకర గీత పెడుతున్నా. ఇది మా సారు అలవాటు, ఇంకొకరికి ఇంకోలా ఉంటుంది, ఎకానమీ మేడమ్ అయితే మలుపు దగ్గర "కానీ చూడండి" అంటారు. ఎవరి క్లాసుకి వెళ్ళినా మొదటి రెండు క్లాసుల్లో వాళ్ళ మాటలు ఏరుకోవాలి.

ఇంకొకటి చాలా ఉపయోగపడుతోంది: "అంటే". సారు ఒక విషయం చెప్పి "అంటే ఏంటి?" అన్నారంటే చాలాసార్లు చెప్పిందే ఇంకో విధంగా చెప్పబోతున్నారని అర్థం. మొదటిసారి పట్టుకోగలిగితే ఇప్పుడు రాయాల్సింది లేదు, ఆ పది పదిహేను సెకన్లు వెనకబడ్డ లైను పూర్తి చేసుకోవడానికి. ఇన్నాళ్ళూ ఒకే విషయాన్ని రెండుసార్లు రాస్తూ తర్వాతి విషయాన్ని పోగొట్టుకున్నాను.

13వ రోజు, శనివారం

ఇప్పుడు పొట్టి అక్షరాల పని. మొదటి వారం ఉత్సాహంగా 64 పొట్టి రూపాలు తయారుచేసి పుస్తకం వెనక అంటించాను. ఈ రోజు వాటిని పరీక్షించాను. మంగళవారం రాసిన పేజీలు పుస్తకం చూడకుండా చదివి, పొట్టి రూపం ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ ఎర్ర చుక్క పెట్టాను. ఒక్క పేజీలో పద్నాలుగు చుక్కలు.

చుక్కలు పడ్డ చోట్లు చూస్తే సంగతి తెలిసిపోయింది. నేను మాట మొదటి అక్షరం తీసుకుంటున్నాను. పాలిటీలో మాటలు సగం సంస్కృతం నుంచి వచ్చినవి, వాటి ముందు భాగాలు కొన్నే, అవే తిరిగి తిరిగి వస్తాయి. "ప్ర" అని రాశాను: ప్రధాని, ప్రభుత్వం, ప్రజలు, ప్రకటన, ప్రతిపాదన, వీటిలో ఏది? "రా" అని రాశాను: రాష్ట్రపతి, రాష్ట్రం, రాజ్యాంగం, రాజ్యసభ? "అధి" అంటే అధికారమా, అధికరణా? "సం." అందరూ సంవత్సరానికి వాడతారు, నేను సంఘానికి కూడా వాడాను. "ప్ర. రా. సం." అని ఒక లైన్ ఉంది, అదేంటో ఇప్పటికీ తేలలేదు.

ఇంగ్లీషులో అచ్చులు తీసేసి హల్లులు ఉంచితే మాట గుర్తుపట్టవచ్చు. మనకి ఆ దారి కూడా లేదు, గుణింతం అక్షరంలోనే కలిసి ఉంటుంది, తీసేస్తే మాటే మారిపోతుంది. పైగా నా వేగం చేతిరాతలో తలకట్టు ఎగిరిపోతే "మ" ఏదో "వు" ఏదో నాకే తెలియడం లేదు.

అందుకని తిరగేశాను. ముందు భాగాన్ని వదిలేసి, ఆ మాటని పక్క మాటల నుంచి వేరు చేసే అక్షరాన్ని పట్టుకోవడం. ప్రధాని "ధా", ప్రభుత్వం "భు", ప్రజలు "జ", ప్రకటన "క". రాష్ట్రపతి "రాప", రాజ్యసభ "రాస", లోక్‌సభ "లోస", రాజ్యాంగం "జ్యాం", రాష్ట్రం "ష్ట్ర". చివరి రెండూ చూడ్డానికి వింతగా ఉన్నాయి, కానీ రాష్ట్రపతిని "రాప" అనే రాస్తున్నా కాబట్టి ఆ వత్తులు నా నోట్సులో ఇంకే మాటకీ అలా పడవు, పేజీలో ఎక్కడున్నా కంటికి తగులుతాయి. పార్లమెంట్ "పా", గవర్నర్ "గ", ఆమోదానికి టిక్కు.

64లో రోజూ వాడేవి 22 తేలాయి. మిగతావన్నీ తీసేశాను. వారానికి ఒకసారి వచ్చే మాటకి పొట్టి రూపం పెట్టుకుంటే అది గుర్తు తెచ్చుకోవడానికి పట్టే టైమ్‌లో మాటే రాసేయవచ్చు, "అభిశంసన" లాంటివి ఇప్పుడు పూర్తిగానే రాస్తున్నా.

తప్ప, లోగా, మించి, మాత్రమే, వరకు, అక్కర్లేదు. వీటికి గుర్తు పెట్టుకున్నవి రెండే, తప్పకి ఇంటూ, మాత్రమేకి బ్రాకెట్. మిగతావి పూర్తిగా రాయాలని నిర్ణయించుకున్నాను. వీటిని పొట్టిచేస్తే మిగిలే టైమ్ చాలా తక్కువ, పోయే అర్థం చాలా ఎక్కువ.

15వ రోజు, సోమవారం

అంకెల్లో ఇంకో గొడవ. ఈ రోజు నోట్సులో "74 – మంత్రిమండలి" అని ఒక చోట, "74 – మున్సిపాలిటీ" అని ఇంకో చోట ఉంది. రెండూ నిజమే. 74 ఆర్టికల్ రాష్ట్రపతికి సలహా ఇచ్చే మంత్రిమండలి గురించి, 74వ సవరణ 1992లో వచ్చిన మున్సిపాలిటీల గురించి. 61 కూడా అంతే, ఆర్టికల్ అయితే రాష్ట్రపతి అభిశంసన, సవరణ అయితే ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గించినది. 44 ఆర్టికల్ ఉమ్మడి పౌరస్మృతి, 44వ సవరణ నన్ను టెస్టులో దెబ్బకొట్టిన ఎమర్జెన్సీ సవరణ.

సారు చెప్పేటప్పుడు ఒక్కసారి "సవరణ" అంటారు, తర్వాత అంతా "44 వచ్చాక, 44 ఏం చేసింది" అంటూ పోతారు. ఇవాళ్టి నుంచి ఆర్టికల్‌కి అంకె చుట్టూ గుండ్రం, సవరణకి అంకె చుట్టూ డబ్బా. టైపు చేసేటప్పుడు (352), [44] అని చూపిస్తున్నా. గుండ్రం గీయడం "ఆర్టికల్" అని రాయడం కంటే చాలా వేగం, రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ లాభం ఇచ్చేది ఇదే అనిపిస్తోంది.

22వ రోజు, సోమవారం

ఇవాళ ఒక మంచి అవకాశం దొరికింది. సాయంత్రం బ్యాచ్‌కి అదే సారు అదే 352 క్లాసు చెప్తున్నారని తెలిసి, ఆఫీసులో అడిగి వెనక కూర్చున్నాను. మొదటి రోజు నా చేతిలోంచి జారిపోయిన పాఠమే, అదే మనిషి, దాదాపు అవే మాటలు. ఆమోదం గురించి చెప్పిన ఒక ముక్క బయటికి రాగానే గుర్తున్నంత దగ్గరగా ఇక్కడ రాసుకుంటున్నా:

"సరే, రాష్ట్రపతి ప్రకటించేశారు, అయిపోయిందా? కాలేదు. పార్లమెంట్ రెండు సభలూ ఆమోదించాలి. ఎంత కాలంలో? అంతకుముందు రెండు నెలలుండేది, 44 వచ్చాక నెలకి తగ్గించారు. ఎలాంటి మెజారిటీ? సాధారణ మెజారిటీ అని చాలామంది రాసొస్తారు, కాదు, ప్రత్యేక మెజారిటీ. అంటే ఏంటి? సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి, అలాగే హాజరై ఓటేసిన వాళ్ళలో మూడింట రెండొంతులకి తగ్గకూడదు. ఆమోదిస్తే ఎన్నాళ్ళు? ఆర్నెల్లు. మళ్ళీ ఆమోదిస్తే ఇంకో ఆర్నెల్లు, అలా ఎన్నిసార్లయినా. అయితే రద్దుకి మాత్రం పార్లమెంట్ ఆమోదం అక్కర్లేదు. కానీ లోక్‌సభ వద్దు అని తీర్మానం చేస్తే రాష్ట్రపతి రద్దు చేసి తీరాలి, దానికి సాధారణ మెజారిటీ చాలు."

మొదటి రోజు దీనికి నేను రాసింది:

352 – రా. ప్ర. – పా. 2 నెల – 44 – సాధారణ మెజా – 6 నెల – రద్దు – పా. – లో

ఇవాళ రాసింది:

కాలం? → పా రెండు సభలూ ✓, 1 నెలలోగా (ముందు 2, [44] తగ్గించింది)
మెజారిటీ? → ~~సాధారణ~~ ప్రత్యేక: మొత్తంలో సగం మించి + ఓటేసిన వాళ్ళలో 2/3
ఎన్నాళ్ళు? → 6 నెలలు, మళ్ళీ ✓ = ఇంకో 6, ఎన్నిసార్లయినా
~ రద్దు? → పా ✓ అక్కర్లేదు. లోస వద్దంటే రద్దు చేయాల్సిందే, సాధారణ చాలు

పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రోజు లైనులో రెండు పచ్చి తప్పులున్నాయి. "2 నెల" పాతకాలం సంగతి, "అంతకుముందు" అన్న మాట నేను పట్టుకోలేదు. "సాధారణ మెజా" అన్నది సారు తప్పని చెప్పడానికి ఎత్తిన మాట, "కాదు" వచ్చేలోపు రాసేశాను. ఇప్పుడు "అని చాలామంది" వినగానే పెన్ను ఆగుతోంది, అప్పటికే రాసి ఉంటే దాని మీద అడ్డగీత పడుతోంది. కొట్టేసినా చదవడానికి వీలుగా ఉంచుతున్నా, పరీక్షలో ఆప్షన్‌గా పెట్టేది సాధారణంగా అదే కాబట్టి.

ఎడమవైపు ప్రశ్నలు చూడండి. అవి నేను తయారుచేసినవి కాదు, సారు నోటి నుంచి వచ్చినవే. మా సారు ప్రతి విషయానికీ ముందు తనే ప్రశ్న వేసుకుంటారు: ఎంత కాలంలో? ఎలాంటి మెజారిటీ? ఇన్నాళ్ళూ అవి పాఠం కాదనుకుని వదిలేశాను. ఇప్పుడు ప్రశ్నలోని ముఖ్యమైన మాట ఎడమ మార్జిన్లో పడుతోంది, జవాబు కుడివైపు. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ ప్రచారంలోకి తెచ్చిన నోట్సు పద్ధతిలో కూడా ఎడమవైపు ఇలాగే ఒక కాలమ్ ఉంటుంది, అందులో ప్రశ్నలు క్లాసు అయ్యాక మనమే రాసుకోవాలి. ఇక్కడ క్లాసులోనే నిండిపోతోంది. రాత్రి కుడివైపు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమవైపు చదువుతూ జవాబులు చెప్పుకుంటున్నా.

23వ రోజు, మంగళవారం

నిన్న రాసింది చదివి అక్క ఒక మాట అంది. "అదే క్లాసు రెండోసారి విన్నవ్, మంచిగనే రాస్తవ్. కొత్త పాఠంల చూపెట్టు." నిజమే. రెండోసారి వినడం వల్ల వచ్చిన సుఖం ఎంతో, పద్ధతి వల్ల వచ్చింది ఎంతో నిన్నటి పేజీ చూసి చెప్పలేం. రేపు గవర్నర్ చాప్టర్, పుస్తకం ముట్టుకోకుండా వెళ్తా. హెడ్డింగులు మాత్రం చూసుకుంటా, అది ఎలాగూ రోజూ చేస్తున్నదే, రాబోయే మాటలు ఏమిటో తెలిస్తే వాటి పొట్టి రూపాలు ముందే సిద్ధంగా ఉంటాయి.

24వ రోజు, బుధవారం

200 ఆర్టికల్. శాసనసభ పాస్ చేసిన బిల్లు గవర్నర్ దగ్గరికి వస్తే ఏం చేస్తారు అన్న దగ్గర సారు "పుస్తకాల లెక్కన ఆయన ముందు నాలుగు దారులున్నాయి" అన్నారు. వెంటనే 1, 2, 3, 4 వేసేశాను. ఆమోదించడం ఒకటి, ఆమోదం నిలిపేయడం రెండు, మూడోది చెప్తుండగా వెనక ఎవరో డౌట్ అడిగారు, సారు దానికి జవాబిచ్చి ఇంకెక్కడికో వెళ్ళి, చివరికి "అలాగే రాష్ట్రపతి పరిశీలనకి పంపవచ్చు" అన్నారు. నంబరు చెప్పలేదు. చివరి దారులు ఇలాగే "అలాగే", "అదీగాక" అంటూ వస్తాయి, నంబరు కోసం ఎదురుచూస్తే దొరకవు.

నా పేజీలో 1, 2, 4 నిండాయి, 3 ఖాళీ. ఆ ఖాళీ ఉండబట్టే ఏదో పోయిందని తెలిసింది. పాత పద్ధతిలో అయితే మూడు రాసుకుని మూడే అనుకునేదాన్ని. క్లాసు అవగానే పక్కమ్మాయిని అడిగితే మూడోది తిప్పి పంపడం అని చెప్పింది, "మనీ బిల్లు తప్ప" అని కూడా గుర్తుచేసింది. తిప్పి పంపిన బిల్లుని సభ మళ్ళీ పాస్ చేస్తే గవర్నర్ ఆమోదం నిలిపేయడానికి లేదు. ఇదీ నా పేజీలో ఆ ముక్క:

గ (200) దారులు?
1. ✓
2. ✓ నిలిపేయడం
3. తిప్పి పంపడం, మనీ బిల్లు మీద ఇంటూ. మళ్ళీ పాస్ చేస్తే నిలిపేయకూడదు
4. రాప పరిశీలనకి

రాత్రి పుస్తకంతో సరిచూస్తే ఆ క్లాసు మొత్తంలో తప్పుగా రాసింది ఒకటి, వదిలేసింది నాలుగు. వదిలేసిన నాలుగింట్లో మూడు చోట్ల నేనే ఖాళీ పెట్టి ప్రశ్నార్థకం వేసుకున్నాను, అంటే పోయాయని నాకు తెలుసు. అక్కకి చూపించాను, "గిట్ల చేస్కో రోజూ" అంది.

27వ రోజు, శనివారం

క్లాసు తర్వాత పదిహేను నిమిషాల గురించి రాయడం మర్చిపోయాను. క్లాసు అయ్యాక హాస్టల్‌కి వెళ్ళకుండా బిల్డింగ్ మెట్ల మీదే కూర్చుని ఆకుపచ్చ పెన్నుతో ఖాళీలు నింపుతున్నా. మెట్ల మీద ఉన్నప్పుడు సారు గొంతు ఇంకా చెవుల్లో ఉంటుంది, "3" పక్కన ఖాళీ చూడగానే అక్కడ ఏం చెప్పారో సగం వచ్చేస్తుంది. గురువారం వానకి త్వరగా పరిగెత్తి, రాత్రి తొమ్మిదికి చూస్తే ఆరు ఖాళీల్లో ఒక్కటే గుర్తొచ్చింది. పెన్ను రంగు మార్చడం ఎందుకంటే, క్లాసులో విన్నది ఏదో నేను తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది ఏదో తెలియాలి, పుస్తకంతో తేడా వస్తే ఆకుపచ్చదాన్నే ముందు అనుమానిస్తా.

30వ రోజు, మంగళవారం

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయడం లేదో ఇవాళ బాగా తెలిసింది. పాలిటీ సారు రాలేదు, ఇంకో సారు వచ్చి స్క్రీన్ మీద స్లైడ్లు చదివారు. ఆయన ప్రశ్నలు వేసుకోరు, "అంటే" అనరు, మూడు పాయింట్లు అనరు, ఒకే గొంతుతో వాక్యం వెనక వాక్యం. మార్జిన్ మొత్తం ఖాళీగా ఉండిపోయింది. మొదటి అరగంట తర్వాత మాటలు వదిలేసి స్లైడ్ హెడ్డింగ్‌ని మార్జిన్లో పెట్టుకుని, స్లైడ్‌లో లేకుండా ఆయన నోటితో కలిపి చెప్పినవే కుడివైపు రాశాను. స్లైడ్‌లో ఉన్నది పుస్తకంలోనూ ఉంటుంది. ఆయన స్క్రీన్ నుంచి మా వైపు తిరిగినప్పుడల్లా సొంతంగా ఏదో చెప్తారు, అదొక్కటే ఆయన ఇచ్చే గుర్తు.

యథాతథంగా గుర్తుండాల్సిన వాక్యాల దగ్గర కూడా ఇది పనికిరాదు. పీఠికలో మాటల వరుస లాంటివి క్లాసులో దించుకోవడానికి ప్రయత్నించడం మానేశాను, "పీఠిక – పుస్తకం" అని ఒక గుర్తు పెట్టి ఆ టైమ్‌లో సారు దాని గురించి ఏం చెప్తున్నారో వింటున్నా.

34వ రోజు, శనివారం

వారం టెస్టు. ఈ డైరీ మొదలైన వారం పాలిటీలో తప్పు పోయిన వాటిలో నాలుగు నోట్సులో తప్పు రాసుకోవడం వల్ల పోయాయి. ఈ వారం అలాంటిది ఒకటి, మిగతావి చదవకపోవడం వల్ల. ఆ ఒక్కటీ "మించకుండా"ని "మించి" అని రాసుకోవడం. "-కుండా" కూడా మాట చివర అతుక్కుని వచ్చేదే, నా పట్టికలో లేదు. ఎర్ర పెన్నుతో చేర్చాను.

సోమవారం 368 మొదలవుతుంది, రాజ్యాంగ సవరణ పద్ధతి. హెడ్డింగులు చూశాను, సాధారణ మెజారిటీ, ప్రత్యేక మెజారిటీ, సగం రాష్ట్రాల ఆమోదం, మూడు రకాలు, వాటిలో ఏది దేనికి అన్నది చివరి మాట మీద ఆధారపడి ఉంటుంది. మెజారిటీకి ఇప్పటిదాకా "మెజా" అని రాస్తున్నా, రేపు కూర్చుని సాధారణానికీ ప్రత్యేకానికీ రెండు వేర్వేరు గుర్తులు చేసుకుని, క్లాసుకి ముందు ఒక పేజీ నిండా రాసి చేతికి అలవాటు చేయాలి.